తెర వెనక గడియారం

మా మాస్టారు నా స్క్రిప్టు చేతికి తీసుకోగానే మొదట మాటలు చదివేవారు కాదు. కాగితానికి కుడివైపు ఎంత ఖాళీ వదిలానో చూసేవారు. పేజీలో మూడో వంతు ఖాళీగా లేకపోతే చదవకుండానే తిరిగి ఇచ్చేసేవారు. "మాటలు నీవమ్మా, ఖాళీ నాది" అనేవారు. నేను వ్యాఖ్యానం చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో మా సంఘం కార్యక్రమాలన్నిటికీ ఆయనే వేదిక నిర్వాహకులు. మైకు ముందుకు ఒక్కసారి కూడా వచ్చిన మనిషి కాదు. తెర తాడు దగ్గర, వింగులో, చేతిలో చిన్న టార్చితో సాయంత్రమంతా నిలబడే ఉండేవారు. ఆయన పనిచేసే చోటు ప్రేక్షకులకు కనపడదు. నాకు మాత్రం అక్కడే కనపడాలని పట్టుబట్టేవారు. మైకు స్టాండు ఏ పక్కన పెట్టాలన్నది కూడా అందంకోసం కాదు, ఆయన నిలబడే వింగు నా కంటి కొసకు ఆనేలా పెట్టించేవారు.

ఆ కుడివైపు ఖాళీలో ఆయన పెన్సిలుతో రాసేవి రెండే విషయాలు. నేను ముందు మాట్లాడుతున్నప్పుడు తెర వెనక ఏం జరుగుతుంది, దానికి ఎంతసేపు పడుతుంది. "రెండు మైకులు తీయాలి, కుర్చీ వేయాలి: 40 సెకన్లు." "పదిమంది నిలబడాలి, నాలుగు మైకులు సర్దాలి: 2 నిమిషాలు." "ఏమీ లేదు, గాయని వింగులో సిద్ధం: 20 సెకన్లు చాలు." అంతే. నా వాక్యాల మీద ఆయనకు అభిప్రాయాలు లేకపోలేదు గాని, అవి తర్వాత సంగతి.

కొత్తగా వ్యాఖ్యానం రాసేవారి స్క్రిప్టు తీసి చూడండి. రాసినవారికి ఇష్టమైన కళకు ముప్పావు పేజీ పరిచయం ఉంటుంది. అంతగా పరిచయం లేనిదానికి ఒక్క వాక్యం ఉంటుంది. వేదికకు ఈ ఇష్టాయిష్టాలతో పని లేదు. ముప్పావు పేజీ పరిచయం ఉన్న గాయకుడు వింగులో చేతులు కట్టుకుని ఎదురుచూస్తుంటాడు. ఒక్క వాక్యంతో తేల్చేసిన బృందగానానికి తెర వెనక కుర్చీల చప్పుడు ఇంకా ఆగదు. పరిచయం పొడవు కళాకారుడి గొప్పదనాన్ని బట్టి కాక, వెనక సర్దాల్సిన సామాన్లను బట్టి ఉండాలన్నది వినడానికి మొరటుగా ఉంటుంది. అయినా సాయంత్రం సాఫీగా నడవాలంటే లెక్క అదే. గొప్ప కళాకారుడికి రెండు నిమిషాల పరిచయం తప్పదనుకుంటే, ఆయనకు ముందు వేదిక మీద పెద్ద సర్దుబాటు ఉన్న చోట ఆయన అంశాన్ని పెట్టుకోవాలి. అంటే అంశాల వరస ఖరారు చేసేటప్పుడే వ్యాఖ్యాత ఆ గదిలో ఉండాలి.

లెక్క అన్నాను కాబట్టి ఇంకొక మాట. కాగితం మీద నిమిషం ఎంత ఉంటుందో ముందే తెలుసుకోవాలి. మైకులో, సభ చివరి వరసకు అందేలా, నిదానంగా చదివితే నాకు నిమిషానికి తొంభై మాటలు పడతాయి. చప్పట్లకు ఆగడం, ఊపిరి తీసుకోవడం అన్నీ అందులోనే. ఇంట్లో కూర్చుని మనసులో చదివితే అదే పేరా అరనిమిషంలో అయిపోయినట్టు అనిపిస్తుంది. అందుకే మాస్టారు ఇంట్లో లెక్కపెట్టుకున్న సమయాన్ని ఒప్పుకునేవారు కాదు. ఖాళీ హాల్లో మైకు పెట్టించి, గడియారం పట్టుకుని, గట్టిగా చదివించేవారు.

ఇక అతుకు మాటలు. ఒక అంశం అయి ఇంకొకటి మొదలయ్యేలోపు చెప్పేవి. వీటిలో నేను మూడు భాగాలు చూసుకుంటాను. మొదటిది అయిపోయిన అంశం గురించి ఒక్క వాక్యం. అది ముందే రాయకూడదు. "ఎంతో మధురంగా ఆలపించిన" అని ముందే రాసుకుంటే ఆ పాట నిజంగా ఎలా సాగినా అదే చదవాల్సి వస్తుంది. సభలో ఉన్నవారికి ఆ సంగతి తెలిసిపోతుంది. ఆ చోట కార్డు మీద ఒక గీత గీసి వదిలేస్తాను. వింగులోంచి చూస్తూ, కంటపడిన ఒక ప్రత్యేకమైన విషయాన్ని ఆ గీత మీద పెన్సిలుతో రాసుకుంటాను. రెండో చరణంలో హార్మోనియం ఆగి గొంతు ఒక్కటే మిగిలిన ఘడియ కావచ్చు, ఆఖరి వరసలోని పిల్లవాడు అడుగు తప్పి నవ్వుతూ కలిసిపోవడం కావచ్చు. రెండో భాగం రాబోయే అంశం వైపు తిప్పే మాట. మూడోది కళాకారుల పేరు. పేరు ఎప్పుడూ చివరనే. పేరు పలకగానే సభ చప్పట్లు కొడుతుంది, లైట్లతను మీట మీద చేయి వేస్తాడు, తెర తాడు కదులుతుంది. పలికాక వెనక్కి తీసుకోలేం. "ఇప్పుడు ఫలానావారు మీ ముందుకు వస్తున్నారు" అని మొదటి వాక్యంలోనే అనేసి, ఆ తర్వాత వారి బిరుదులూ బహుమతులూ చదవడం మొదలుపెట్టిన వ్యాఖ్యాతను చూడండి. సభ అప్పటికే చప్పట్లు కొట్టేసి ఉంటుంది. చివర్లో మళ్లీ కొట్టమంటే నీరసంగా కొడుతుంది.

చప్పట్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి. అంశం ముగిసిన వెంటనే మైకు దగ్గరకు వెళ్లిపోతే ఆ కళాకారుల చప్పట్లు మనం తినేసినట్టే. పూర్తిగా ఆగిపోయేదాకా చూస్తే మన మొదటి మాట చల్లారిన సభలో పడుతుంది. చప్పట్లు తగ్గుముఖం పట్టి, విడివిడిగా వినపడడం మొదలైనప్పుడు నోరు తెరవాలి. ఈ ఒక్క అలవాటుతో సాయంత్రం నడక సగం కుదురుతుంది.

నడక అంటే వేగం మాత్రమే కాదు. డప్పుల హోరుతో పదహారుమంది గెంతిన నృత్యం తర్వాత ఒక్క వయొలిన్ రావాలనుకోండి. "ఇప్పటివరకు హుషారైన నృత్యం చూశారు, ఇప్పుడు ప్రశాంతమైన సంగీతం వినండి" అంటే ప్రశాంతత రాదు. సభ చెవులు ఇంకా హోరులోనే ఉంటాయి. వాటిని మెల్లగా దింపాలి. మొదటి వాక్యం నృత్యం జోరులోనే, గట్టిగా, పొట్టిగా పలుకుతాను. రెండోది కొంచెం పొడుగు. మూడోది ఇంకా పొడుగు, ఇంకా తగ్గు స్వరం. అప్పట్లో ఒక కార్డు మీద రాసుకున్నది ఇది: "ముప్పై రెండు పాదాలు! వేదిక ఇంకా అదురుతోంది. ఆ అదురు ఆగాక, ఈ చెక్కల మీద ఎవరూ నడవని ఒక్క క్షణంలో, నాలుగు తీగల మీద ఒక్క కమాను ఆనించి లాగితే ఎలా ఉంటుందో వినడానికి..." ఆ తర్వాత పేరు. ఇందులో సాహిత్యం గొప్పగా లేదని నాకు తెలుసు. కానీ "అదురు ఆగాక" అనేసరికి సభలో కుర్చీల కిరకిరలు ఆగేవి.

కార్డులు అంటున్నాను గాని మొదట్లో అందరిలాగే పెద్ద కాగితాలే వాడాను. మాస్టారు మాన్పించారు. కాగితం మైకు దగ్గర గలగలమంటుంది, చేయి వణికితే పది రెట్లు వణికి చూపిస్తుంది. అరచేతిలో పట్టే మందపాటి అట్టముక్కలు, ఒక్కో అంశానికి ఒక్కొక్కటి. వాటిని దారంతో కట్టడం గాని పిన్ను కొట్టడం గాని పనికిరాదు. మూలన వరస సంఖ్య పెన్సిలుతోనే వేయాలి, ఎందుకంటే ఆ సంఖ్య సాయంత్రం మారుతుంది. మారని సాయంత్రం నేను చూడలేదు.

ఇక ఆయన టార్చి. రెండుసార్లు మినుకుమంటే ఇంకా అరనిమిషం పడుతుందని. ఒక్కసారి వెలిగి ఆరితే అంతా సిద్ధం, పేరు చెప్పేయమని. గుండ్రంగా తిప్పితే ఎంతసేపో తెలియదు, సాగదీయమని. అసలు వెలగకపోతే నా మానాన నన్ను సాగమని. ఈ నాలుగింటికి మించి సంకేతాలు పెట్టుకుంటే మైకు ముందు గుర్తుండవు.

గుండ్రంగా తిరిగిన టార్చి అంటే నాకు గుర్తొచ్చేది ఒక్క సాయంత్రమే. పిల్లల నృత్య బృందం రాని రోజు.

ఆ రోజు కార్యక్రమం ఆరున్నరకు మొదలై తొమ్మిదికి ముగియాలి. మొదట ప్రార్థన గీతం, రెండోది పద్య పఠనం, మూడోది యుగళగీతం, నాలుగోది పన్నెండుమంది పిల్లల నృత్యం. తర్వాత వరసగా వయొలిన్, మిమిక్రీ, ఒక్కరే పాడే పాట, చివర నాటిక. పిల్లలు అంతకుముందు ఇంకొక సభలో ఆడి నేరుగా మా దగ్గరకు రావాలి. పద్య పఠనం ముగుస్తున్న వేళ మా సంఘం కార్యదర్శి వింగులోకి పరిగెత్తుకొచ్చి, "వచ్చేస్తున్నారు మాస్టారూ, దారిలో ఉన్నారు" అన్నారు.

"వచ్చేస్తున్నారన్నది సమయం కాదండీ" అన్నారు మాస్టారు. ఫోను ఆయనే తీసుకుని మూడే ప్రశ్నలు అడిగారు. ఇప్పుడు సరిగ్గా ఎక్కడున్నారు? పిల్లలకు రంగులు వేసే ఉన్నాయా, తుడిచేశారా? పాట రికార్డు మీ దగ్గరుందా, ముందే పంపారా? నాకు ఆ మూడో ప్రశ్న విని ఆశ్చర్యం వేసింది. పిల్లలు వచ్చినా వారి పాట ఇంకొక బండిలో ఉండిపోయిన సందర్భాలు ఆయనకు తెలుసు. బృందం ఇంకా అరగంట దూరంలో ఉందని, రంగులు అలాగే ఉన్నాయని, పాట వెంటే ఉందని తేలింది. దిగాక గజ్జెలు కట్టుకోవడానికి, ఊడిన పిన్నులు పెట్టుకోవడానికి, పాట సౌండతని చేతికిచ్చి ఒకసారి వినిపించి చూసుకోవడానికి పది నిమిషాలు. మొత్తం నలభై నిమిషాలు.

నేను వేదిక మీదకు వెళ్లి యుగళగీతానికి పేరు చెప్పి వచ్చాను. అది ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల్లో వింగులో ఒక స్టూలు మీద నా కార్డులు పరిచి లెక్క వేశాం.

ముందుకు జరపగలిగేవి ఏవి? దానికి మాస్టారి దగ్గర సూటి కొలత ఉంది. మనిషి హాల్లోనే ఉండాలి, వేషం వేసుకుని ఉండాలి, వేదిక మీద పెద్దగా సర్దాల్సిందేమీ ఉండకూడదు. వయొలిన్ పన్నెండు నిమిషాలు, విద్వాంసుడూ తబలా ఆయనా ఇద్దరూ వచ్చే ఉన్నారు. మిమిక్రీ ఎనిమిది నిమిషాలు, ఒక్క మైకు చాలు. యుగళగీతంతో కలిపి ఇరవై ఏడు. నా అతుకు మాటలు రాసుకున్నంత మేరకు మూడు. ముప్పై అయింది. ఇంకా పది కావాలి.

నాకు సులభంగా తోచిన ఉపాయం ఒకటుంది. "ఆ ఒక్కరే పాడే పాట కూడా ముందే పెట్టేద్దాం మాస్టారూ, అక్కడికి ఆరు నిమిషాలు పోతాయి" అన్నాను. ఆయన ఆ కార్డు తీసి నా చేతిలో వెనక్కి పెట్టారు. ఆ పాట మూసిన తెర ముందు నిలబడి పాడేది. అది పాడుతున్నంతసేపు తెర వెనక నాటికకు మంచం, తలుపు, గోడ నిలబెడతారు. దాన్ని ఇప్పుడు వాడేసుకుంటే చివర్లో నాటిక ముందు ఆరు నిమిషాల బొంద తయారవుతుంది. అప్పటికి సభ అలిసిపోయి ఉంటుంది. మొదట్లో ఉన్న ఖాళీని చివరకు జరిపినట్టవుతుంది, అంతే. పోనీ నాటికనే ముందు పెడదామంటే మిమిక్రీ అబ్బాయే అందులో ముసలి తండ్రి. గడ్డం అతికించుకుని ఉన్నాడంటే మిమిక్రీ ఇంక లేనట్టే. అందుకే పది నిమిషాలు మాటలతోనే నింపాలి.

అప్పుడు ఆయన చేసిన పని నాకు ఈ విద్యలో అసలు కిటుకుగా ఉండిపోయింది. ఆ పది నిమిషాలను ఒకచోట ఉంచలేదు. మూడు ముక్కలు చేశారు. వయొలిన్‌కు ముందు మూడు నిమిషాలు, వయొలిన్‌కూ మిమిక్రీకీ నడుమ రెండు, మిమిక్రీ తర్వాత అయిదు. పది నిమిషాలు ఒక్కచోట వ్యాఖ్యాత మాట్లాడితే కార్యక్రమం ఆగిపోయిందని ఎవరికైనా అర్థమవుతుంది. అదే ముక్కలు చేస్తే, ఈ రోజు వ్యాఖ్యాత కొంచెం తీరిగ్గా ఉందనుకుంటారు. పైగా పిల్లలు అనుకున్నదానికంటే ముందే వస్తే చివరి ముక్కను మానేయవచ్చు. మొదట్లో ఖర్చు పెట్టిన మూడు నిమిషాలు ఎవరికీ భారం కావు. ఆలస్యం సంగతి బయటపడకముందే నింపడం మొదలుపెట్టాలన్నమాట. చాలామంది వేదిక ఖాళీ అయ్యాక మొదలుపెడతారు.

మొదటి ముక్క. వయొలిన్ విద్వాంసుడితో వచ్చిన తబలా ఆయనను వింగులోనే అడిగాను, "తెర తీసి ఉండగా శ్రుతి చేసుకుంటారా? మధ్యలో నేను రెండు ప్రశ్నలు అడుగుతాను." ఆయన నవ్వి ఒప్పుకున్నారు. ఇటువంటివి ముందుగా అడగకుండా వేదిక మీద మైకు మూతి దగ్గర పెట్టకూడదు. మంచి విద్వాంసులు కూడా అవాక్కవుతారు. తెర తీశాం. సాధారణంగా సభ చూడకుండా దాచే పనిని సభ ముందే చేయించాం. చిన్న సుత్తితో ఆయన కుడి తబలా అంచున ఉండే అల్లిక మీద చుట్టూ కొడుతూ వచ్చారు. పైనుంచి కొడితే చర్మం బిగిసి స్వరం పెరుగుతుందని, కిందనుంచి పైకి కొడితే వదులై తగ్గుతుందని చెప్పి, రెండూ చేసి చూపించారు. తోలు వారుల కింద ఇరికించి ఉండే చెక్క ముక్కలను ఒక్కొక్కదాన్ని కిందికి దించి బిగింపు పెంచడం చూపించారు. "ఇప్పుడు శ్రుతిలో ఉందా లేదా?" అని నేను సభను అడిగాను. సగంమంది ఉందన్నారు, సగంమంది లేదన్నారు. ఆయన ఇంకొక దెబ్బ వేసి వయొలిన్ వైపు చూశారు. విద్వాంసుడు కమాను ఆనించారు. రెండు నాదాలు ఒకటైపోవడం సంగీతం తెలియని వారికి కూడా వినపడింది. మూడు నిమిషాలు అనుకున్నది నాలుగయింది. ఆ రోజు వయొలిన్‌ను సభ విన్న తీరు వేరు.

ఇక్కడ ఒక్కటి గమనించండి. ఆ నాలుగు నిమిషాల్లో నేను మాట్లాడింది మహా అయితే ముప్పై సెకన్లు. ఖాళీ నింపడమంటే వ్యాఖ్యాత గొంతు సాగదీయడమని అనుకుంటారు. ఒకే గొంతు రెండు నిమిషాలు దాటి, చెప్పే విషయం లేకుండా నడిస్తే సభ వెంటనే పసిగడుతుంది. మొదట దగ్గులు వస్తాయి. తర్వాత కుర్చీలు. ఆ తర్వాత తలలు ద్వారం వైపు తిరుగుతాయి. నేను వేసే ప్రశ్నకు జవాబు ఆలస్యంగా, ముందు వరసల నుంచి మాత్రమే వస్తుంది. తలలు తిరగకముందే, దగ్గుల దగ్గరే, ఇంకొక గొంతును వేదిక మీదకు తేవాలి.

రెండో ముక్క గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వయొలిన్ విద్వాంసుడిని మొదటిసారి కమాను పట్టుకున్న రోజు గురించి అడిగాను, ఆయన చక్కగా రెండు మాటలు చెప్పారు. మిమిక్రీ అబ్బాయి తన ఎనిమిది నిమిషాలూ చేశాడు. చప్పట్లు తగ్గుముఖం పట్టాయి. వింగు వైపు చూస్తే టార్చి గుండ్రంగా తిరుగుతోంది.

ఇటువంటి వేళ కోసం నా దగ్గర వేరే కార్డులు ఉండేవి, పసుపు రంగువి. వాటిలో కథలు ఉండకూడదని మాస్టారి నియమం. కథ మొదలుపెట్టాక పిల్లలు వచ్చారనుకోండి. కథను మధ్యలో ఆపితే సభకు కోపం, పూర్తిచేద్దామంటే గజ్జెలు కట్టుకున్న పిల్లలు చీకట్లో నిలబడి ఎదురుచూడాలి. ఒక వ్యక్తి జీవిత చరిత్ర, ఒక కళ పుట్టుపూర్వోత్తరాలు కూడా అంతే. పసుపు కార్డు మీద ఉండాల్సింది అరనిమిషంలో తనంతట తాను ముగిసే ముక్క. ఎన్నయినా వరసగా చెప్పుకుంటూ పోవచ్చు, ఏది అయ్యాకైనా ఆగిపోవచ్చు. పొడుపు కథలు అందుకు సరిగ్గా సరిపోతాయి. వేసిన వెంటనే మాట్లాడే పని సభది అవుతుంది. విప్పగానే ముగింపు దానంతట అదే వస్తుంది.

ముందు మిమిక్రీ అబ్బాయిని వెళ్లనివ్వలేదు. సభ నుంచి ఎవరైనా ఒక చప్పుడు చెప్పండి, ఇతను చేస్తాడన్నాను. ఒకరు పాత బండి మొదలయ్యే చప్పుడు అడిగారు. ఇంకొకరు నిద్రపోతున్న గుమాస్తా గురక అన్నారు. రెండు నిమిషాలు నవ్వులతో గడిచాయి. అబ్బాయి నాటికలో గడ్డం అతికించుకోవాలి కాబట్టి అంతకుమించి ఉంచుకోలేను, పంపించేశాను. తర్వాత పొడుపు కథలు. ఒకటి, రెండు, మూడు. టార్చి ఇంకా తిరుగుతూనే ఉంది.

నాలుగోది నా చేతిలో ఉంది గాని వేయలేదు. "కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." జవాబు కనురెప్పలు. దాన్ని చివరకని అట్టే పెట్టాను. పిల్లల నృత్యంలో సగం పని కళ్లదే. ఆ జవాబు నుంచి నృత్యానికి ఒక్క వాక్యంలో వెళ్లిపోవచ్చు. నింపడానికి చెప్పే మాటల్లో ఆఖరిది తర్వాతి అంశానికి తగలాలి. అలా తగిలితే అంతకుముందు చెప్పినవన్నీ దానికోసమే చెప్పినట్టు వెనక్కి తిరిగి కనపడతాయి. అందుకని నాలుగోదాన్ని దాచుకుని, పసుపు కార్డుల అడుగు నుంచి ఇంకో రెండు తీసి వేశాను. వాటిలో ఒకటి సభకు ముందే తెలుసు. వేయీవేయకముందే విప్పేశారు. పరవాలేదు, తెలిసినదాన్ని గట్టిగా అరిచి చెప్పడం సభకు ఇష్టమే.

వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు, ఆ తర్వాత గజ్జెల చప్పుడు నాకు వినపడ్డాయి. మైకు ముందున్నవారికి ఇదే అసలు పరీక్ష. వచ్చారన్న సంతోషంలో పేరు నోటిదాకా వచ్చేస్తుంది. వచ్చిన బృందం వేరు, సిద్ధమైన బృందం వేరు. మాస్టారు ఇంకా టార్చి తిప్పుతూనే ఉన్నారు. పిల్లలు వరసలో నిలబడ్డాక, సౌండతను చేయెత్తాక, లైట్లతను తల ఊపాక గాని ఆయన నాకు సంకేతం ఇవ్వరు. ఆ మూడూ అయ్యేలోపు ఇంకొక పొడుపు కథ పట్టింది. అప్పుడు టార్చి రెండుసార్లు మినుకుమంది. కిటకిట తలుపులు వేశాను. రెండో వరసలోంచి ఒక పెద్దావిడ "కనురెప్పలు!" అన్నారు. "అవునండి. చప్పుడు కాకుండా తెరుచుకునే ఆ తలుపులతో పన్నెండుమంది చిన్నారులు ఇప్పుడు మనకు ఒక కథ చెప్పబోతున్నారు" అన్నాను. టార్చి ఒక్కసారి వెలిగి ఆరింది. బృందం పేరు చెప్పి పక్కకు తప్పుకున్నాను.

ఆ సాయంత్రమంతా "ఆలస్యం" అన్న మాట నా నోట రాలేదు. "దయచేసి ఓపిక పట్టండి", "ఇంకో రెండు నిమిషాల్లో" అన్నవీ రాలేదు. ఓపిక పట్టమంటే ఇప్పుడు విసుగు పడాల్సిన సమయమని సభకు మనమే చెప్పినట్టు. రెండు నిమిషాలంటే గడియారాలు చూడడం మొదలుపెడతారు. అయితే అన్నివేళలా దాచమని మాస్టారు అనేవారు కాదు. అంశాలు జరపడానికి వీల్లేక, వేదిక ఖాళీగా పడి ఉండి, అది పది నిమిషాలు దాటేలా ఉంటే ఒక్కసారి నిజం చెప్పేయమనేవారు. ఎవరు రావాలో, సుమారు ఎంతసేపు పడుతుందో, ఈలోపు ఏం చేయబోతున్నామో. ఆ మూడూ ఒక్కసారే. మళ్లీ మళ్లీ క్షమాపణలు చెప్పడం ఆయనకు గిట్టేది కాదు. ఆలస్యమైనవారిని వేదిక మీద ఎత్తిపొడవడం అంతకన్నా గిట్టేది కాదు. ఎదురుగా తల్లిదండ్రులు కూర్చుని ఉంటారు, చివరకు ఆడాల్సింది ఆ పిల్లలే. ఎత్తిపొడుపుతో తెర తీస్తే వారి మొదటి రెండు నిమిషాలు నష్టమవుతాయి.

అదనంగా ఖర్చుపెట్టిన ఆ పది పన్నెండు నిమిషాలను తిరిగి రాబట్టుకోవాలి కదా. నృత్యం తర్వాత నా అతుకు మాటలు ఇరవై సెకన్లకు మించలేదు. గాయని మూసిన తెర ముందుకు నడిచి వచ్చేలోపే పేరు చెప్పేశాను. చివర మాట్లాడాల్సిన పెద్దలిద్దరిలో ఒకరు పరిస్థితి గ్రహించి రెండే మాటలతో ముగించారు. ఇంకొకరు గ్రహించలేదు. వారిని ఆపే సంకేతం మాస్టారి టార్చికి కూడా లేదు. తొమ్మిదికి ముగియాల్సినది తొమ్మిదీ పదికి ముగిసింది.

మర్నాడు కార్డులు తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. ఆయన ప్రతి కార్యక్రమం తర్వాత వాటిని తెప్పించుకుని, అనుకున్న సమయం పక్కన నిజంగా పట్టిన సమయం వేసేవారు. వయొలిన్ కార్డు మీద మూడు కొట్టేసి నాలుగు వేశారు. పొగుడుతారేమోనని కొంచెం ఆశగానే నిలబడ్డాను. ఆయన కుడివైపు ఖాళీలో ఏదో రాసి ఇచ్చారు. "తబలా సుత్తి: ఈ సభకు వాడేశాం. రెండేళ్లు మళ్లీ వద్దు."

"మరి వచ్చేసారి ఎవరైనా రాకపోతే ఏం చేయను మాస్టారూ?" అన్నాను.

"వచ్చేసారి వేణువు ఆయన ఉన్నారుగా. సంచిలో ఏడెనిమిది వేణువులు ఎందుకు తెచ్చుకుంటారో అడిగి పెట్టుకో" అన్నారు, తర్వాతి కార్డు తీస్తూ.